పేరు మారింది, యజమానులు మారారు: ఆరు పాలసీలకూ ఎండార్స్‌మెంట్ కావాల్సిందే

ప్రశ్న: మేం ఇద్దరం పార్ట్‌నర్లుగా నడిపిన డిజైన్, ప్రింటింగ్ సంస్థను జూన్ 1 నుంచి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా మార్చాం. పేరు కూడా మారింది. కొత్తగా వచ్చిన ఇన్వెస్టర్‌కి 60 శాతం వాటా ఇచ్చాం. ఫైర్, మెషినరీ, సరుకు రవాణా, డెలివరీ వ్యాన్, స్టాఫ్ గ్రూప్ హెల్త్, ప్రొఫెషనల్ లయబిలిటీ అని మొత్తం ఆరు పాలసీలున్నాయి. రెన్యువల్ అప్పుడు పేరు మార్చుకుందాం, తొందరేం లేదు అంటున్నాడు ఏజెంట్. ఆగొచ్చా సర్?

జవాబు: ఆగకండి. మీ ఏజెంట్ దీన్ని ఉత్త పేరు మార్పు అనుకుంటున్నాడు. అలాగైతే నేనూ ఇంత టెన్షన్ పడను, ఎందుకంటే పేరు మాత్రమే మారిన కంపెనీ చట్టం దృష్టిలో అదే కంపెనీ, రిజిస్ట్రేషన్ నంబరూ అదే, పాలసీ కూడా దానిదే. క్లెయిమ్ సమయంలో పేర్లు కలవక నాలుగు కాగితాలు ఎక్కువ అడుగుతారు, డబ్బు ఆలస్యమవుతుంది, అంతే.

మీ దగ్గర జరిగింది వేరు. పాలసీ తీసుకున్నది పార్ట్‌నర్‌షిప్ సంస్థ. ఇప్పుడు మెషిన్లు, కాగితం స్టాకు, వ్యాన్ అన్నీ కంపెనీవి. జూన్ 12న గోడౌన్‌లో మంటలు లేచాయనుకుందాం. పాలసీలో పేరున్న పాత సంస్థకి ఆ స్టాకు మీద హక్కు లేదు కాబట్టి దానికి నష్టమే జరగలేదంటారు. నష్టపోయిన కంపెనీతోనేమో మాకు ఒప్పందమే లేదంటారు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. ఆస్తి చేతులు మారితే దాని మీదున్న పాలసీ దానంతటదే వెంట రాదు, ఇన్సూరర్ ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు కాగితమే ఎండార్స్‌మెంట్. కొన్నిచోట్ల చట్టం, కొన్ని పాలసీల్లో షరతులు కొంత వెసులుబాటు ఇస్తాయి కానీ దాన్ని నమ్ముకుని గోడౌన్ నడపలేం కదా.

ఇక 60 శాతం వాటా సంగతి. ఫైర్, మెషినరీ పాలసీలకి ఇది పెద్ద విషయం కాదు, షేర్లు ఎవరి చేతిలో ఉన్నా స్టాకు కంపెనీదే. కానీ మీ పనిలో తప్పుందని క్లయింట్ కేసు వేస్తే ఆదుకునే ప్రొఫెషనల్ లయబిలిటీ పాలసీ తీసి, కంట్రోల్ మారితే ఏమవుతుందో చెప్పే క్లాజు ఉందేమో చూడండి. చాలా పాలసీల్లో ఉంటుంది. సగానికి మించి వాటా కొత్త చేతికి వెళ్లిన రోజు నుంచి చేసిన పనికి కవర్ ఉండదు, అంతకు ముందు చేసిన పనికి మాత్రం పాలసీ గడువు దాకా ఉంటుంది అని దాని సారాంశం. అంటే ప్రీమియం కట్టి, పాలసీ చేతిలోనే ఉండి, జూన్ 1 తర్వాత మీరు చేసే డిజైన్లకి రక్షణ లేకుండా పోవచ్చు. అందుకే వాటా మార్పును లెటర్‌లో దాచకండి, ‘పేరు మార్చాం’ అని ఒక్క ముక్కతో సరిపెట్టకండి. పేరు మార్పు మాత్రమే చెప్పి తెచ్చుకున్న ఎండార్స్‌మెంట్ క్లెయిమ్ రోజున మీకే ఎదురు తిరుగుతుంది.

లెటర్ ఒకటే రాయండి, కానీ దానికి ఒక పట్టిక జతచేయండి. ఒక్కో పాలసీకి ఒక్కో వరుస: పాలసీ నంబర్, ఇప్పుడున్న పేరు, ఉండాల్సిన పేరు, ఎప్పటి నుంచి, అప్పు ఇచ్చిన బ్యాంకు పేరు ఉంటే అది. ఇన్సూరర్ దగ్గర వెహికల్స్ ఒక విభాగం, హెల్త్ ఒక విభాగం, ఫైర్ ఇంకో విభాగం చూస్తాయి, ఒకరికి పంపింది పక్కవాళ్లకి అందుతుందని అనుకోవద్దు. అందుకే పట్టికతో సహా అన్ని విభాగాలకీ పంపి, పంపినట్టు రుజువు ఉంచుకోండి. లెటర్‌లో అసలు మాటలు ఇలా ఉంటే చాలు:

“జూన్ 1 నుంచి మా పార్ట్‌నర్‌షిప్ సంస్థ వ్యాపారం, ఆస్తులు, అప్పులు అన్నీ ఈ కంపెనీకి బదిలీ అయ్యాయి. అదే రోజు నుంచి కంపెనీలో 60 శాతం వాటా కొత్త వాటాదారుది. మార్పుకి ముందు, తర్వాత వాటాల వివరాలు జతచేశాం. జతచేసిన పట్టికలోని ప్రతి పాలసీకి జూన్ 1 నుంచి అమలయ్యేలా విడివిడిగా ఎండార్స్‌మెంట్ ఇవ్వండి. ఏ పాలసీకైనా అదనపు ప్రీమియం లేదా కొత్త షరతులు ఉంటే ముందుగా రాతపూర్వకంగా చెప్పండి.”

కంపెనీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ఆస్తుల బదిలీ పత్రం, వాటాదారుల జాబితా, కంపెనీ పేరు మీదున్న బ్యాంకు ఖాతా వివరాలు జతచేయండి. వ్యాన్‌కి మాత్రం ముందు రిజిస్ట్రేషన్‌లో ఓనర్ పేరు మార్పుకి పెట్టి, ఆ రసీదు కూడా ఇవ్వండి.

జూన్ 1 నుంచి అమలు చేయమని అడిగితే, లెటర్ అందిన రోజు నుంచే ఇస్తామని వాళ్లు అనొచ్చు. అప్పుడు ఈ మధ్యకాలంలో ఏ నష్టమూ జరగలేదని, మీకు తెలిసిన క్లెయిమ్ ఏదీ లేదని డిక్లరేషన్ ఇస్తామనండి, చాలాసార్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే కనీసం ఆ ఖాళీ ఎన్ని రోజులో మీకు తెలుస్తుంది. ఏదైనా నష్టం జరిగి ఉంటే మాత్రం దాన్ని ముందు చెప్పాలి, డిక్లరేషన్‌లో దాచడం కన్నా పెద్ద తప్పు ఉండదు.

నేను ఎక్కువగా భయపడేది ఇంకో దానికి. కొంతమంది ‘సులువుగా అయిపోతుంది సర్, పాతది క్యాన్సిల్ చేసి కొత్త పేరుతో కొత్త పాలసీ ఇచ్చేస్తాం’ అంటారు. ఫైర్ పాలసీకైతే ఒక్కరోజు కూడా ఖాళీ లేకుంటే పరవాలేదు. గ్రూప్ హెల్త్‌లో వెయిటింగ్ పీరియడ్లు ఉంటే మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలవ్వొచ్చు. లయబిలిటీ పాలసీలో అయితే రెట్రోయాక్టివ్ డేట్ అని ఒకటుంటుంది, ఆ తేదీ తర్వాత చేసిన పనికే కవర్. అది మూడేళ్ల వెనకటి తేదీ అనుకోండి, కొత్త పాలసీలో అది జూన్ 1 అయి కూర్చుంటే, పోయినేడాది చేసిన డిజైన్ మీద ఈ ఏడాది కేసు వేసిన క్లయింట్‌కి మీరు సొంత జేబులోంచి కట్టాలి. కాబట్టి ఆ పాలసీకి కొత్త కంపెనీని చేర్చండి, పాత సంస్థ పేరు మాత్రం తీసేయనివ్వకండి, ఎందుకంటే పాత పనికి నోటీసు పాత సంస్థకీ మీ ఇద్దరికీ వస్తుంది. కంట్రోల్ క్లాజు అడ్డొస్తే, పాత పాలసీని పాత పనికి అలాగే ఉంచి, జూన్ 1 నుంచి చేసే పనికి కంపెనీ పేరుతో వేరే పాలసీ తీసుకోండి.

‘మీ సమాచారం నోట్ చేసుకున్నాం’ అని వచ్చే మెయిల్ ఎండార్స్‌మెంట్ కాదు. నంబరు, అమలు తేదీ ఉన్న కాగితం ప్రతి పాలసీకి విడిగా రావాలి. ఆరు లెటర్లొస్తే ఆరూ చదవండి: సర్టిఫికెట్‌లో ఉన్న పేరే అక్షరం పొల్లుపోకుండా ఉందా, పాలసీ నంబర్ సరిగ్గా ఉందా, బ్యాంకు పేరు ఎగిరిపోలేదు కదా, రెట్రోయాక్టివ్ డేట్ మారలేదు కదా. తప్పుంటే వెంటనే సవరణ అడగండి. వచ్చాక ఒక కాపీ బ్యాంకుకి, ఇంకోటి మీ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ అడిగి తీసుకున్న పెద్ద క్లయింట్లకి పంపండి, వాళ్ల ఫైల్లో ఇంకా పాత పేరే ఉంటుంది.

మార్పుకి ముందు జరిగిన నష్టానికి క్లెయిమ్ ఏదైనా నడుస్తుంటే దాన్ని ఈ పట్టికలో కలపకండి. అది పాత సంస్థ హక్కు, ఆ డబ్బు పాత పేరు మీదే రావచ్చు. కాబట్టి అది తేలేదాకా పాత సంస్థ బ్యాంకు ఖాతా మూసేయకండి.