యజమాని వాటా పీఎఫ్ కూడా జీతంలోంచే కోయొచ్చా?

ప్రశ్న: సార్, చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. 2021లో 11,000 జీతానికి చేరాను, అప్పటినుంచీ పీఎఫ్ ఉంది. ఇప్పుడు లెటర్‌లో నెల జీతం 40,000 అని రాసిచ్చారు. స్లిప్పులో బేసిక్ 14,000, డీఏ 4,000, ఇంటద్దె 7,000, స్పెషల్ అలవెన్సు 15,000 ఉన్నాయి. కోతలేమో పీఎఫ్ 1,680, ‘పీఎఫ్ కంపెనీ’ 1,680, వృత్తి పన్ను 200, టీడీఎస్ 1,000. చేతికొచ్చేది 35,440. అకౌంటెంటును అడిగితే అంతా గవర్నమెంటుకే పోతోందంటాడు. నిజమేనా?

జవాబు: వృత్తి పన్ను ఒక్కటే సరిగ్గా ఉంది. నెలకు 20,000 దాటిన జీతానికి మన రాష్ట్రంలో అది 200. మిగతా మూడు కోతలూ తప్పే.

ముందు ఆ రెండో 1,680 సంగతి. కంపెనీ తన వాటాను ఉద్యోగి జీతంలోంచి మినహాయించుకోకూడదని 1952 పీఎఫ్ స్కీములోని 31వ పేరా స్పష్టంగా చెబుతోంది. అందుకు ఒప్పుకుంటూ మీరు సంతకం పెట్టి ఉన్నా అది చెల్లదు. అయితే ఒకసారి లెటర్ తీసి చూడండి. అందులో 40,000ను సీటీసీ అని, అంటే మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చని, దానిలోనే కంపెనీ పీఎఫ్ కలిసి ఉందని రాసి ఉంటే లెక్క వేరు. అప్పుడు స్లిప్పులో సంపాదన వైపు మొత్తమే 38,320 ఉండాలి. మీ స్లిప్పులో నాలుగు పద్దులూ కలిపితే నిండుగా 40,000 వస్తోంది. జీతంగా చూపించి మళ్లీ కోయడం కుదరదు.

ఈ తప్పు పీఎఫ్ పాస్‌బుక్‌లో మాత్రం కనపడదు. అక్కడ మీ వాటా, కంపెనీ వాటా రెండూ జమైనట్టే ఉంటాయి. కంపెనీ వాటా ఎవరి జేబులోంచి వచ్చిందో చెప్పేది జీతం స్లిప్పే. అందుకే ప్రతి నెలా స్లిప్పు దాచుకోమంటాను.

ఇక మీ వాటా. పీఎఫ్‌ను బేసిక్ మీదే కాదు, డీఏ కూడా కలిపి లెక్కించాలి. రెండూ కలిస్తే 18,000. చట్టం విధించిన పరిమితి 15,000 కాబట్టి దాని మీద 12 శాతం, అంటే 1,800 కోయాలి. మీవాళ్లు డీఏ వదిలేసి 14,000 మీద వేశారు. స్పెషల్ అలవెన్సు అందరికీ ఒకేలా ఇస్తుంటే అదీ కలపాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది గానీ, పరిమితి ఇప్పటికే దాటింది కనుక మీకు దాంతో తేడా రాదు.

పాస్‌బుక్ తెరిచి ఒక నెల వరస చూడండి. సరైన లెక్కయితే మీ వాటా 1,800, కంపెనీ వాటా 550, పెన్షన్ 1,250 ఉంటాయి. కంపెనీ ఇచ్చే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్‌కు వెళ్లి, మిగిలిందే పీఎఫ్‌లో పడుతుంది. మీ పుస్తకంలో 1,680, 514, 1,166 కనబడితే 14,000 మీదే కడుతున్నారని అర్థం. అసలు ఆ నెల వరసే లేకపోతే విషయం ఇంకా తీవ్రం. ఏ నెల డబ్బయినా తర్వాతి నెల 15లోగా కట్టాలి. కోసి కట్టకపోవడం నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు అవుతుంది.

టీడీఎస్‌కైతే ఆధారమే లేదు. 2025-26కు మీ జీతం 4,80,000. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 4,05,000 మిగులుతుంది. 4 లక్షలు దాటిన 5,000 మీద 5 శాతం అంటే 250 రూపాయలు. 12 లక్షల లోపు ఆదాయానికి రిబేటు ఉంది కనుక అదీ పోయి పన్ను సున్నా. పాత విధానం ఎంచుకున్నా మీ ఆదాయం 5 లక్షల లోపే, అక్కడా సున్నాయే. వేరే ఆదాయం ఉందని మీరే కంపెనీకి రాసిస్తే తప్ప 1,000 కోయడానికి కారణం లేదు.

ఆదాయ పన్ను పోర్టల్‌లో మీ పేరిట జమైన పన్ను వివరాలుండే 26ఏఎస్ పత్రం చూడండి. ఈ కోతలు సెక్షన్ 192 కింద కనపడాలి. 194జే అని ఉంటే మిమ్మల్ని ఉద్యోగిగా కాక ఫీజు తీసుకునే మనిషిగా చూపించారన్నమాట. ఏమీ లేకపోతే కోసిన డబ్బు కట్టలేదు, లేదా కట్టినా త్రైమాసిక రిటర్నులో మీ పాన్ తప్పుగా వేశారు.

కాబట్టి చేతికి రావలసింది 40,000లో 1,800, 200 తీసేసి 38,000. నెలకు 2,560 తక్కువ వస్తోంది.

ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వండి: కంపెనీ వాటా పేరుతో ఎన్ని నెలలు కోశారో అంతా తిరిగి ఇవ్వాలని, డీఏ కలిపి తేడా పీఎఫ్ కట్టాలని, టీడీఎస్ ఆపాలని. నకలు మీద ముద్ర వేయించుకోండి. పదిహేను రోజుల్లో కదలిక లేకపోతే epfigms.gov.in లో యూఏఎన్‌తో ఫిర్యాదు పెట్టండి. లెటరు, స్లిప్పులు, పాస్‌బుక్ జత చేయండి. జీతం కోత గురించి ఒంగోలులోని కార్మిక శాఖ కార్యాలయంలో విడిగా అర్జీ ఇవ్వవచ్చు. 26ఏఎస్‌లో చేరిన టీడీఎస్ కోసం కంపెనీతో పోట్లాడనక్కర్లేదు, రిటర్ను వేస్తే మీ బ్యాంకు ఖాతాకే తిరిగొస్తుంది.