ఎనిమిది లక్షలు కాలితే ఐదు లక్షలే ఎందుకు?

ప్రశ్న: మాకు చీరాలలో బట్టల షాపు ఉంది. సీసీ లోన్ ఇచ్చినప్పుడు బ్యాంకు వాళ్లే సరుకుకు 20 లక్షల ఫైర్ పాలసీ చేయించారు. షార్ట్ సర్క్యూట్‌తో ఒక వరుస ర్యాకులు కాలి 8 లక్షల సరుకు పోయింది. సర్వేయర్ ఐదు లక్షలే వస్తాయంటున్నారు. నష్టం 20 లక్షల లోపే కదా, మొత్తం ఎందుకు ఇవ్వరు?

జవాబు: సర్వేయర్ ఐదు లక్షలు అన్నారంటే, అగ్నిప్రమాదం జరిగిన రోజు మీ షాపులో మొత్తం సరుకు విలువ 32 లక్షలుగా ఆయన లెక్క తేల్చి ఉండాలి. చాలామంది కాలిన సరుకునీ బీమా మొత్తాన్నీ మాత్రమే పోల్చుకుంటారు. పాలసీలో ఉండే యావరేజ్ క్లాజు అనే నిబంధన మాత్రం షాపులో ఉన్న మొత్తం సరుకుతో బీమా మొత్తాన్ని పోలుస్తుంది. 32 లక్షల సరుకుకు 20 లక్షల బీమా ఉందంటే, రూపాయికి 62.5 పైసల వంతుకే బీమా చేసినట్టు. మిగిలిన 37.5 పైసల వంతుకు మీరే బీమాదారు. అందుకని నష్టం ఎంతైనా అదే వంతున పంచుతారు: 8 లక్షలు × 20 ÷ 32 = 5 లక్షలు. ఇందులోంచి పాలసీలో రాసిన ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిములో మీరే భరించాల్సిన వాటా, ఇంకా తగ్గుతుంది. కాలగా మిగిలిన బట్టకు ఏమైనా ధర వస్తే దాన్ని ముందే నష్టంలోంచి తీసేసి, ఆ తర్వాతే ఈ లెక్క కడతారు.

ఈ నిబంధన ఎందుకంటే, షాపు మొత్తం కాలిపోయే ప్రమాదాలు అరుదు, కొంత భాగం కాలేవే ఎక్కువ. మీ పక్క షాపాయన అంతే సరుకుకు 32 లక్షల మీద ప్రీమియం కట్టారనుకోండి. ఇద్దరికీ 8 లక్షలే కాలితే, ఇద్దరికీ సమానంగా ఇస్తే ఆయన ఎక్కువ కట్టినందుకు అర్థం ఉండదు. అందరూ సగానికే బీమా చేస్తారు.

కొంత సడలింపు ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి, ఒకే చోట 5 కోట్ల లోపు ఆస్తి ఉన్న వ్యాపారాలకు వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో, బీమా మొత్తం 15 శాతం వరకు తక్కువ పడినా యావరేజ్ వర్తించదు. మీ షాపుకు 27.2 లక్షల బీమా ఉండి ఉంటే 8 లక్షల నష్టానికీ కోత పడేది కాదు. 27 లక్షలే ఉంటే గీత దాటినట్టే. అప్పుడు ఆ 20 వేల తేడాకు కాదు, మొత్తం తక్కువకూ కోత పడి 6.75 లక్షలే వచ్చేవి. మీ తక్కువ 37.5 శాతం కాబట్టి ఈ సడలింపు మీకు అందదు.

ఇప్పుడు మీరు పట్టుకోవాల్సింది ఆ 32 లక్షల అంకెను. సర్వేయర్ సాధారణంగా సంవత్సరం మొదటి స్టాకుకు కొనుగోళ్లు కలిపి, అందులోంచి లాభం తీసేసిన అమ్మకాల విలువను తగ్గించి, మిగిలిన సరుకు ఎంతో కడతారు. సర్వే రిపోర్టు కాపీ అడిగి ఈ మెట్లు ఒక్కొక్కటే చూడండి. సరుకును అమ్మకం ధరకు కాదు, కొన్న ధరకు లెక్కించాలి. మీరు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్న జీఎస్టీ అందులో కలవకూడదు. పాలసీలో లేని వేరే గోడౌన్ సరుకు కలిసిందేమో చూడండి. చేనేత మాస్టర్లు అమ్మిపెట్టమని ఇచ్చిన చీరలు మీవి కావు. పాలసీలో పరాయి సరుకు అని విడిగా రాయించి ఉండకపోతే అవి లెక్కలోంచి పోవాలి. అలాంటివి 4 లక్షలవి ఉండి, అవి కాలినవాటిలో లేకపోతే మొత్తం 28 లక్షలకు దిగుతుంది. మీకు రావాల్సింది 5.71 లక్షలవుతుంది. కానీ ఆ చీరలను మీ సొంత సరుకుగా బ్యాంకుకు నెలనెలా ఇచ్చే స్టాకు స్టేట్‌మెంటులో చూపించి ఉంటే ఈ వాదన నిలబడదు. సర్వేయర్ ముందు అడిగే కాగితాల్లో అదొకటి.

అసలు తప్పు మొదట్లోనే జరిగింది. బ్యాంకు తన లోన్ మొత్తానికి సరిపడా బీమా చూసుకుంటుంది. మీ సరుకంతటికీ అది సరిపోతుందా అన్నది మీరే చూసుకోవాలి. బహుశా మీ సీసీ లిమిట్ 20 లక్షలే అయి ఉంటుంది. ఫర్నిచర్‌కు విడిగా బీమా మొత్తం రాసి ఉండి, అక్కడ కాస్త ఎక్కువ ఉన్నా ఆ మిగులు సరుకుకు అక్కరకు రాదు. ఒక్కో పద్దుకూ యావరేజ్ విడిగా చూస్తారు.

ఇళ్లకు మాత్రం ఈ బెడద లేదు. భారత్ గృహ రక్ష పాలసీలో యావరేజ్ వర్తించదు, బీమా మొత్తం వరకు నష్టం ఇస్తారు.

దసరా, సంక్రాంతి సీజన్లకు స్టాకు దించే ముందు, ఆ రోజుల్లో షాపులో అత్యధికంగా ఉండే సరుకు ఎంతో కొన్న ధరలో లెక్కేసుకుని పాలసీ మధ్యలోనే ఎండార్స్‌మెంట్‌తో, అంటే పాలసీలో మార్పు రాయించి, బీమా మొత్తాన్ని పెంచుకోండి. మిగిలిన నెలలకే అదనపు ప్రీమియం పడుతుంది. బీమా మొత్తం పెరిగినట్టు కంపెనీ ఇచ్చిన ఎండార్స్‌మెంట్ కాగితం చేతికి వచ్చాకే సరుకు దించుకోండి.