గల్లా లెక్క సరిపోతోంది, సరుకు ఖర్చు మాత్రం పెరుగుతోంది

ప్రశ్న: కడపలో మాకు చిన్న భోజన హోటల్ ఉంది. రాత్రి గల్లా లెక్క రూపాయి తేడా లేకుండా సరిపోతోంది. అమ్మకం పెరగలేదు కానీ కోడి, నూనె ఖర్చు పెరిగింది. రిపోర్టులో రద్దయిన బిల్లులు ఎక్కువగా కనిపిస్తున్నాయి. క్యాషియర్‌ను అనుమానించాలా?

జవాబు: మనిషిని తర్వాత చూడవచ్చు, ముందు ఆ రద్దయిన బిల్లులను చూడండి. గల్లా సరిపోయిందని ధైర్యపడకండి. అనంతపురంలో మా హోటల్‌లో రోజూ రాత్రి వేసే లెక్కనే తీసుకుందాం. పొద్దున పెట్టిన చిల్లర 2,000, నగదు అమ్మకం 15,010, కూరగాయలకూ ఐసుకూ గల్లాలోంచి ఇచ్చినది 1,240 అనుకోండి. పెట్టెలో 15,770 ఉండాలి. ఇప్పుడు 640 రూపాయల నగదు బిల్లు ఒకటి, తిన్నవాళ్లు డబ్బు కట్టి వెళ్లిపోయాక రద్దయింది. కంప్యూటర్‌లో నగదు అమ్మకం 14,370కి దిగుతుంది, ఉండాల్సిన డబ్బు 15,130 అవుతుంది. ఆ 640 ఎవరి జేబులోకి వెళ్లినా గల్లా చక్కగా సరిపోతుంది. ఎందుకంటే డబ్బుతో పాటు లెక్క కూడా అంతే తగ్గింది.

నిజానికి రోజంతా చిల్లర ఇచ్చి పుచ్చుకునే చోట పదో ఇరవయ్యో అటూ ఇటూ కావడమే సహజం. వారాల తరబడి రూపాయి తేడా రాలేదంటే, లెక్కపెట్టే మనిషి ముందే అంకె చూస్తున్నాడేమో గమనించాలి. మా దగ్గర క్యాషియర్ నోట్లు లెక్కపెట్టి, కాగితం మీద రాసి సంతకం చేశాకే రిపోర్టు తీస్తాం. ఇది తేడాను దాచకుండా ఆపుతుంది కానీ, పైన చెప్పిన రద్దును పట్టుకోలేదు. దాన్ని పట్టుకునేది వంటగది.

ఆర్డరు తీసుకోగానే వంటగదిలోకి వెళ్లే కేఓటీ చీటీలు ఉంటాయి కదా, వాటిని పారేయకండి. మా వంటమాస్టరు వండిన చీటీని వండినట్టే గోడ మేకుకు గుచ్చుతారు. రాత్రికి ఆ కట్ట నా బల్ల మీదికి వస్తుంది. ఒకసారి ఆరో టేబులు బిల్లు ఇలా దొరికింది. రాగి సంగటి, నాటుకోడి రెండు, ఆమ్లెట్లు రెండు, మొత్తం 640. చీటీ వంటగదికి వెళ్లింది 8.31కి, బిల్లు కొట్టింది 9.12కి, రద్దు చేసింది 10.31కి. కారణం దగ్గర ‘తప్పు ఆర్డరు’ అని ఉంది. నిజంగా తప్పు ఆర్డరైతే బిల్లు కొట్టిన కొద్ది నిమిషాల్లోనే రద్దవుతుంది, వెంటనే అదే టేబులుకు సరిచేసిన బిల్లు వస్తుంది. ఇక్కడ ఆ టేబులు మీద తర్వాతి బిల్లు 9.58కి ఉంది, అది వేరే కుటుంబం తిన్న దోసెలది. వంటకం వెనక్కి వచ్చి ఉంటే మాస్టరుకూ వడ్డించిన కుర్రవాడికీ తెలియాలి. ఇద్దరూ రాలేదన్నారు. తిండి తినేశారు, డబ్బు గల్లాకు చేరలేదు. మీ కోడి ఖర్చు పెరగడానికి కారణం ఇదే కావచ్చు.

మీరూ నెల రోజుల రద్దు బిల్లులు తీసి మూడు సంగతులు చూడండి. బిల్లు కొట్టిన ఎంతసేపటికి రద్దయింది, బదులు బిల్లు ఉందా, డబ్బు నగదా యూపీఐనా. యూపీఐ డబ్బు నేరుగా మీ ఖాతాలోనే పడుతుంది కాబట్టి ఆ బిల్లు రద్దు చేసి లాభం లేదు. మీ అమ్మకంలో సగానికి పైగా యూపీఐ అయి ఉండి, రద్దులన్నీ నగదు బిల్లులే అయితే అది గట్టి ఆధారం. అయితే కొన్ని చోట్ల డబ్బు ముట్టకముందు రద్దయిన బిల్లు కూడా నగదు కిందే పడుతుంది, మీ సాఫ్ట్‌వేర్‌లో అలా ఉందేమో సరిచూసుకోండి.

దొంగ రిఫండ్ దీనికి తోబుట్టువు. దాన్ని ఆపడానికి ఒక్క నియమం చాలు: యూపీఐలో వచ్చిన డబ్బు యూపీఐలోనే, కట్టిన వాళ్లకే తిరిగి వెళ్లాలి. యూపీఐ బిల్లుకు గల్లాలోంచి నగదు ఇచ్చినట్టు రాసి ఉంటే ఆ రోజే అడగండి. నగదు రిఫండ్‌కైతే అసలు బిల్లు కాగితం, కస్టమరు సంతకం, ఫోను నంబరు ఉండాలి. వారానికి ఒకటి రెండు నంబర్లకు మీరే ఫోను చేసి ‘భోజనం ఎందుకు నచ్చలేదండీ’ అని మర్యాదగా అడగండి.

క్యాషియర్‌తో మాట్లాడేముందు ఆ రద్దులు ఎవరి లాగిన్‌తో జరిగాయో చూడండి. చాలా హోటళ్లలో పాస్‌వర్డ్ ఒకటే ఉంటుంది, అది అందరికీ తెలుసు. అలాంటప్పుడు రిపోర్టులో క్యాషియర్ పేరున్నా చేసింది మరొకరు కావచ్చు, అమాయకుడి మీద నింద పడుతుంది. ఈ రాత్రే ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకు ఇచ్చి, కొట్టిన బిల్లును రద్దు చేసే అధికారం మీ దగ్గరే ఉంచుకోండి. ఆ తర్వాత రెండు వారాల రద్దులను పాత నెల రద్దులతో పోల్చి, అప్పుడు క్యాషియర్‌ను కూర్చోబెట్టి మాట్లాడండి.