హెల్మెట్ లేకపోతే పరిహారం తగ్గుతుందా?

"తప్పు కారు డ్రైవర్‌దే. కానీ మా తమ్ముడు హెల్మెట్ పెట్టుకోలేదు. పరిహారం తగ్గిస్తారా?"

దెబ్బ ఎక్కడ తగిలిందో దాన్నిబట్టి ఉంటుందండీ. కాలు విరిగితే హెల్మెట్ ఉన్నా విరిగేదే, ఆ సాకుతో కోత పెట్టడం అన్యాయం. తలకు గాయమైతేనే బీమా కంపెనీ వాదనకు బలం. అప్పుడైనా హెల్మెట్ లేకే గాయం ముదిరిందని కంపెనీయే చూపించాలి. ట్రిపుల్ రైడింగ్ కేసులో సుప్రీంకోర్టు 2020లో ఇదే చెప్పింది: నిబంధన మీరడం ఒక్కటే చాలదు, దానికీ ప్రమాదానికో గాయానికో సంబంధం ఉండాలి.

కోత ఇంత శాతమని చట్టంలో లేదు. పరిహారం తేల్చే ట్రిబ్యునల్ 10 లక్షలు లెక్కగట్టి, తప్పులో తమ్ముడి వాటా 15 శాతం అనుకుంటే 8.5 లక్షలు వస్తాయి. గాయాల గురించి ఆసుపత్రి ఇచ్చే ఊండ్ సర్టిఫికెట్‌లో తల, కాలు గాయాలు విడివిడిగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి.