ఫొటోల్లో చూసి సైన్స్ ఫెయిర్ నమూనాలకు ర్యాంకులు ఇవ్వడం

ప్రశ్న: మాది పర్లాకిమిడి. పిల్లల సైన్స్ ఫెయిర్ నమూనాల ఫొటోలు మాత్రమే చూసి సృజన, నీటుదనం, పనిచేసే తీరు ఆధారంగా ర్యాంకులు ఎలా ఇవ్వాలి?

ముందుగా అన్ని ఫొటోలకూ పనిచేసే తీరు మార్కులే వేసి, ఆ తరువాతే మిగిలిన రెండింటికి రావాలి; లేకపోతే రంగు కాగితాల మెరుపు మిగతా మార్కులను కూడా పెంచేస్తుంది. ఒక్కో అంశానికి 10 మార్కులు పెట్టి, పనిచేసే తీరు మార్కులను రెట్టింపు చేయండి.

సిరంజీలతో చేసిన రెండు హైడ్రాలిక్ నమూనాలను తీసుకుందాం. మొదటిది అందరూ చేసే జేసీబీ: థర్మకోల్ అంచులు నున్నగా ఉన్నాయి కానీ, గొట్టాలు అట్టపెట్టెలో దాగిపోవడంతో బలం ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతుందో కనిపించదు. రెండవది కాలువ షట్టరు: అక్కడక్కడా జిగురు కారినా, చిన్న సిరంజి నుంచి పెద్ద సిరంజి దాకా రంగునీళ్ల దారి స్పష్టంగా ఉంది, పైగా షట్టరు దించినప్పటి, ఎత్తినప్పటి ఫొటోలు రెండూ పంపారు. సృజన, నీటుదనం, పనితీరుకు వరుసగా జేసీబీకి 5, 9, 4 వేస్తే మొత్తం 22. షట్టరుకు 8, 5, 9 వేస్తే 31.

గొట్టంలో గాలి బుడగ కనిపిస్తే పనితీరులో ఒక మార్కు తగ్గించవచ్చు, ఎందుకంటే నీటిలా కాక గాలి నొక్కుకుపోయి, షట్టరు ఆలస్యంగా లేస్తుంది. మసక ఫొటోకు మాత్రం మార్కులు కోయకుండా, మళ్లీ తీయించండి.