అన్ని టర్మ్‌లూ చచ్చిపోతే ఆ 44 ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: మీటరు పొడవున్న రాగి రాడ్, పక్కలూ రెండు చివరలూ ఇన్సులేట్ చేసి ఉన్నాయి. మొదట్లో ఎడమవైపు 30 సెం.మీ. 100 డిగ్రీల్లో, మిగతాది 20 డిగ్రీల్లో ఉంది. సిరీస్‌లో ప్రతి టర్మ్ పక్కనా e పవర్ మైనస్ ఏదో ఒకటి ఉంటుంది కాబట్టి చాలాసేపటికి అంతా సున్నా అయిపోవాలి కదా? పుస్తకం వెనక 44 అని ఉంది. ఎక్కడ తప్పుతున్నాను?

జవాబు:

మీరు λ = 0 కేసుని కొట్టేసి ఉంటారు. దాదాపు ఖాయంగా అదే. ఎందుకంటే క్లాసులో ముందు చెప్పేది రెండు చివరలూ సున్నా డిగ్రీల్లో పట్టి ఉంచిన లెక్క, అక్కడ λ నెగెటివ్, సున్నా, పాజిటివ్ అని మూడు కేసులు రాసి మొదటి రెండూ పనికిరావని కొట్టేస్తాం, ఆ కొట్టేయడం చేతికి అలవాటైపోతుంది. తర్వాత ఇన్సులేటెడ్ లెక్క వచ్చినప్పుడు కూడా చెయ్యి అదే పని చేస్తుంది.

ఒక్కసారి నెమ్మదిగా చూడండి. ఉష్ణోగ్రత u కి ఉష్ణ సమీకరణం u_t = α u_xx, α అంటే ఆ లోహంలో వేడి ఎంత త్వరగా పరుచుకుంటుందో చెప్పే స్థిరాంకం. అందులో u(x,t) = X(x)T(t) అని విడదీస్తే X'' = -λX వస్తుంది. λ = 0 అయితే X = Ax + B, అంటే సరళరేఖ. చివరలు సున్నా డిగ్రీల్లో ఉండాలంటే ఆ రేఖ రెండు చోట్లా సున్నా కావాలి, అప్పుడు A, B రెండూ పోతాయి. ఇక్కడ షరతు అది కాదు. ఇన్సులేట్ చేశారంటే చివర నుంచి వేడి బయటికి పోదు, లోపలికి రాదు, అంటే అక్కడ ఉష్ణోగ్రత వాలు సున్నా: X'(0) = X'(1) = 0. దీనికి A మాత్రమే పోతుంది, B హాయిగా మిగులుతుంది. దానికి జోడీ అయిన T కూడా స్థిరాంకమే, దాని పక్కన ఎక్స్‌పొనెన్షియల్ ఉండదు. మీరు వెతుకుతున్న 44 ఆ B లోనే ఉంది.

కోసైన్ ఎందుకన్నదీ ఇక్కడే తేలిపోతుంది. sin కి x = 0 దగ్గర వాలు ఉంటుంది, cos కి ఉండదు. నాకు ఇంకోలా ఆలోచిస్తే ఇంకా బాగా ఎక్కింది: రాడ్ చివర ఒక అద్దం పెట్టినట్టు ఊహించుకోండి. అద్దంలో కనిపించే రాడ్ కూడా అచ్చం ఇలాగే వేడిగా ఉంటుంది కాబట్టి ఇటు నుంచి అటు పోయే వేడీ, అటు నుంచి ఇటు వచ్చే వేడీ సమానం, మొత్తానికి ఏమీ దాటదు. అలా అద్దంలో తిప్పిన ఫంక్షన్ ఈవెన్ ఫంక్షన్, దాని ఫోరియర్ సిరీస్‌లో కోసైన్లే ఉంటాయి.

మీరు సున్నా అన్నారు కదా, నేను సెమిస్టర్ పరీక్షలో ఇలాంటి లెక్కకే రెట్టింపు జవాబు రాసి వచ్చాను. λ = 0 టర్మ్ వదల్లేదు, కానీ సిరీస్‌ని a0/2 తో మొదలుపెట్టి, a0 విలువ కట్టాక ఆ సగం సంగతి మర్చిపోయి, చివరి ఉష్ణోగ్రత a0 అని గీత గీసేశాను. మీ అంకెలతో అదే తప్పు చేస్తే 88 వస్తుంది. మీ సున్నాని అయితే చూడగానే పట్టుకోవచ్చు, ఎక్కడా 20 కంటే తక్కువ లేని రాడ్, వేడి బయటికి పోయే దారి లేనప్పుడు, 20 కిందికి ఎలా దిగుతుంది? 88 అలా దొరకదు, అది 20కీ 100కీ మధ్యలోనే బుద్ధిగా కూర్చుంటుంది. కానీ రాడ్‌లో 70 సెం.మీ. చల్లగా ఉంటే అంతా 88కి ఎక్కడం ఏమిటన్న అనుమానం నాకు హాల్ బయటికి వచ్చాక టీ తాగుతుంటే వచ్చింది. అప్పటి నుంచి a0/2 రాయడం మానేసి, మొదటి టర్మ్‌ని నేరుగా మొదట్లో ఉన్న ఉష్ణోగ్రత సగటు అనే రాసుకుంటున్నాను:

```
u(x,t) = 44 + Σ a_n cos(nπx) exp(-α n² π² t)
a_n = 160 sin(0.3 nπ) / (nπ),   n = 1, 2, 3, ...
```

సగటు 0.3 × 100 + 0.7 × 20 = 30 + 14 = 44. a_n కట్టేటప్పుడు ఒక చిన్న వెసులుబాటు ఉంది: రాడ్ అంతటా 20 ఉంది, ఎడమ 30 సెం.మీ. మీద అదనంగా 80 ఉంది అనుకోండి. ఆ 20 స్థిరాంకం కాబట్టి cos(nπx) తో ఇంటిగ్రేట్ చేస్తే సున్నా, మిగిలేది 80 ఒక్కటే. పొడవు 1 కాబట్టి ముందు 2 వచ్చి 160 అయింది.

ఇక్కడ చాలామంది సరిగ్గా గమనించని సంగతి ఒకటుంది. 44 అనేది "చాలాసేపటి తర్వాత వచ్చే సగటు" కాదు. సగటు మొదటి సెకనులోనూ 44, గంట తర్వాతా 44. మొత్తం ఉష్ణోగ్రతని 0 నుంచి 1 దాకా ఇంటిగ్రేట్ చేసి దాని మార్పు రేటు కడితే α[u_x(1) - u_x(0)] వస్తుంది, రెండూ సున్నాలే, కాబట్టి అది కదలదు. కదిలేది ఒక్కో బిందువు దగ్గర ఉష్ణోగ్రత, అవన్నీ మెల్లగా ఆ కదలని సగటు దగ్గరికి చేరతాయి. సిరీస్ కూడా అదే చెబుతోంది, n = 1 నుంచి ప్రతి కోసైన్‌కీ రాడ్ మీద సగటు సున్నా, అవి చావకముందు కూడా సగటుకి ఏమీ చేయలేవు.

"చాలాసేపు" అంటే ఎంత? రాగికి α సుమారు 1.1 × 10⁻⁴ చదరపు మీటర్లు/సెకను తీసుకోండి. n = 1 టర్మ్ e వంతుకి తగ్గడానికి 1/(απ²), అంటే దాదాపు 921 సెకన్లు, పావుగంట పైన కొంచెం. n = 2 కి ఇందులో నాలుగో వంతు, n = 3 కి తొమ్మిదో వంతు చాలు. అందుకే పావుగంట గడిచాక సిరీస్ అంతా మోయక్కర్లేదు. a1 ≈ 41.2, a2 ≈ 24.2. t = 900 దగ్గర మొదటిది 0.376 తో గుణించబడి 15.5 అవుతుంది, రెండోది 0.02 తో పోయి అర డిగ్రీ మిగులుతుంది, మూడోది లేనట్టే. ఎడమ చివర 44 + 15.5 + 0.5, అంటే 60. కుడి చివర cos π = -1 కాబట్టి 44 - 15.5 + 0.5, అంటే 29. గంటకి ఎడమ 44.8, కుడి 43.2. ఇదే రాడ్ రెండు మీటర్లు ఉంటే అదే స్థితికి రావడానికి నాలుగు గంటలు పడుతుంది, పొడవు వర్గం కదా.

చేత్తో చేసింది నమ్మబుద్ధి కాకపోతే చిన్న ప్రోగ్రాం రాసి చూసుకోండి, కానీ అందులో నేను పడిన గుంటలో మీరు పడకండి. రాడ్‌ని పది ముక్కలు చేసి 11 బిందువులు తీసుకున్నాను, 40 సెకన్ల అడుగు, r = α dt/dx² = 0.44 (ఇది 0.5 దాటితే అంకెలు పిచ్చెక్కిపోతాయి). వేడికీ చలికీ హద్దుగా ఉన్న 30 సెం.మీ. బిందువు దగ్గర మధ్యస్థంగా 60 పెట్టాను.

```python
import numpy as np
u = np.array([100,100,100,60,20,20,20,20,20,20,20], float)
for k in range(90):
    print(u.mean(), (u.sum() - (u[0] + u[-1])/2)/10)
    p = np.pad(u, 1, mode="reflect")
    u = u + 0.44*(p[2:] - 2*u + p[:-2])
print(u.mean(), (u.sum() - (u[0] + u[-1])/2)/10)
```

`reflect` చేసే పని ఇందాక చెప్పిన అద్దమే. మొదట నేను `u.mean()` ఒక్కటే చూశాను. మొదలయ్యేటప్పుడు 500/11, అంటే 45.45 చూపించింది, గంట దాటేసరికి 44కి దిగింది. నా బౌండరీ కండిషన్ ఎక్కడో కారుతోందనుకుని ఒక సాయంత్రమంతా `np.pad` లైనుని తిప్పి తిప్పి రాశాను. తీరా చూస్తే కారుతున్నది ఏమీ లేదు, నా సగటే తప్పు. లోపలి బిందువు ఒక్కోటి 10 సెం.మీ. రాడ్‌కి ప్రతినిధి, చివరి బిందువులు మాత్రం 5 సెం.మీ.కే. వాటిని సగం బరువుతో కలపాలి: 50 + 100 + 100 + 60 + ఆరు ఇరవైలు + 10 = 440, పదితో భాగిస్తే 44. రెండో అంకె అదే, అది మొదటి అడుగు నుంచి చివరి దాకా కదలదు. నిజంగా కారితే ఆ రెండో అంకె కూడా కదులుతుంది, తేడా అలా పట్టుకోండి.

ఇక ఈ సగటు నియమం ఎక్కడ చెల్లదో కూడా తెలిసి ఉండాలి, వైవాలో అడుగుతారు. రాడ్ అంతా ఒకే లోహమైతేనే ఇది మామూలు సగటు. ఎందుకంటే నిజంగా కదలకుండా ఉండేది వేడి, ఉష్ణోగ్రత కాదు. సగం రాగి 100 డిగ్రీల్లో, సగం అల్యూమినియం 20 డిగ్రీల్లో ఉంచి అతికించారనుకోండి. ఘనపు మీటరుకి ఒక డిగ్రీ పెంచడానికి రాగి సుమారు 3.45 మెగాజౌళ్లు తింటుంది, అల్యూమినియం 2.43. కాబట్టి చివరికి వచ్చేది 60 కాదు, (3.45 × 100 + 2.43 × 20)/5.88, దాదాపు 67. ఇలాంటి రాడ్‌కి మామూలు కోసైన్ సిరీస్ కూడా పనికిరాదు, అతుకు దగ్గర వాలు విరుగుతుంది.

ల్యాబ్‌లో చేస్తే మాత్రం 44 దగ్గర నిలబడుతుందని ఆశపడకండి. ఎంత గ్లాస్ ఊల్ చుట్టినా పక్కల నుంచి కొంత వేడి పోతూనే ఉంటుంది. రాడ్‌ని నాలుగైదు సమాన ముక్కలుగా అనుకుని ఒక్కో ముక్క మధ్యలో థర్మోకపుల్ పెట్టి వాటి సగటుని సమయంతో పాటు గీయండి. చివరలు రెండూ దగ్గరవుతున్నా ఆ సగటు కూడా మెల్లగా గది ఉష్ణోగ్రత వైపు జారుతుంటే లెక్క తప్పు కాదు, మీ ఇన్సులేషన్ కారుతోంది. గది కంటే ఎంత ఎక్కువుందో దాని లాగ్ గీస్తే సరళరేఖ లాంటిది వస్తుంది, దాని వాలే ఆ నష్టం రేటు. ఆ రేటు గంటకి ఒకటి రెండు శాతం లోపు ఉంటే పైన కట్టిన 60, 29 లు మీ మీటర్ల మీద కూడా దాదాపు కనిపిస్తాయి.