నాన్న ఆపరేషన్‌కి సెలవు అడగాలంటే ముందు ఏ చట్టం చూడాలి?

"మాది నెల్లూరు. మా అమ్మాయి ఇక్కడే ఒక బైకుల షోరూంలో అకౌంట్స్ చూస్తోంది. చేరి ఏడాది దాటింది, ఈ ఏడు నాలుగు క్యాజువల్ లీవులు వాడుకుంది. వచ్చే నెల మా ఆయనకు చెన్నైలో బైపాస్. మూడు వారాలు సెలవు కావాలని నెట్‌లో దొరికిన లెటర్ చూసి రాసిస్తే హెచ్ఆర్ ఆయన నవ్వి వెనక్కిచ్చాడు. తనకే ఒంట్లో బాగాలేదని డాక్టర్ సర్టిఫికెట్ పెట్టించమంటారా? లేక ఇది మానేసి అమెరికా కంపెనీకి ఇంట్లో నుంచే పని చేస్తే సెలవులకు ఇబ్బంది ఉండదంటున్నారు. ఏది మేలు?" — ఒక తల్లి, నెల్లూరు

అమ్మా, ముందు మీ గుండె కుదుటపడే మాట చెప్తాను. మీ అమ్మాయికి ఆ మూడు వారాలూ జీతంతో సహా దొరికే దారి ఉంది. ఉద్యోగం మానక్కర్లేదు, అబద్ధం ఆడక్కర్లేదు. లెటర్ మార్చి రాస్తే చాలు.

మీరు లెటర్ నకలు కూడా పంపారు కాబట్టి హెచ్ఆర్ ఎందుకు నవ్వాడో తెలిసింది. అందులో "ఫ్యామిలీ అండ్ మెడికల్ లీవ్ యాక్ట్ ప్రకారం పన్నెండు వారాలు నా హక్కు" అని ఉంది. అది అమెరికాలో 1993లో చేసిన చట్టం. అక్కడైనా కనీసం ఏడాది పనిచేసి, ఆ ఏడాదిలో 1,250 గంటలు పూర్తి చేసినవాళ్లకే వర్తిస్తుంది. ప్రైవేటు కంపెనీ అయితే యాభై మంది ఉద్యోగులుండాలి. ఇంతా చేసి ఆ పన్నెండు వారాలూ జీతం లేని సెలవు. నెల్లూరు ట్రంకు రోడ్డు మీది షోరూం యజమానికి ఆ కాగితంతో ఏం పని?

ఇంకో సంగతి ఉంది, ఇది చాలామందికి మింగుడుపడదు. కన్నవాళ్లకు ఆపరేషన్ అయితే చూసుకోవడానికంటూ ప్రైవేటు ఉద్యోగికి విడిగా సెలవు ఇచ్చే చట్టం మన దేశంలో లేదు. ప్రభుత్వ టీచర్లు పిల్లల కోసం తీసుకునే చైల్డ్ కేర్ లీవుతో పోల్చుకోకండి. అది ప్రభుత్వ సర్వీసు నిబంధన, పైగా పిల్లల కోసం. మీ అమ్మాయి అడగవలసింది "నాన్న కోసం సెలవు" కాదు. తన ఖాతాలో ఇప్పటికే ఉన్న సెలవును నాన్న కోసం వాడుకుంటానని అడగాలి.

ఆ ఖాతాలో ఏముందో చూద్దాం. షోరూం కౌంటరు వెనక గోడమీద కార్మిక శాఖ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టి తగిలించి ఉంటుంది, దానిమీద చట్టం పేరు చదువుకుని రమ్మనండి. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988 అని ఉండాలి. ఇందులో సెక్షన్ 30 సెలవులది. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసినవాళ్లకు తర్వాతి పన్నెండు నెలల్లో పదిహేను రోజులు జీతంతో సెలవు. దీన్నే ఆఫీసుల్లో ఈఎల్ అనో పీఎల్ అనో అంటారు. ఇది కాక ఏడాదికి పన్నెండు రోజుల క్యాజువల్ లీవు, పన్నెండు రోజుల సిక్ లీవు. క్యాజువల్‌కి సరైన కారణం ఏదైనా చాలు. సిక్ లీవు మాత్రం ఉద్యోగి సొంత అనారోగ్యానికి, తనకు జరిగిన ప్రమాదానికి మాత్రమే.

ఏడాది నిండనివాళ్లు కూడా దీన్ని చదువుతుంటారు గనక ఒక మాట. 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పదిమందికి తక్కువ కాకుండా పనివాళ్లున్న సంస్థలో, సూపర్‌వైజర్, మేనేజర్ హోదా లేనివాళ్లు 180 రోజులు పనిచేస్తే, ప్రతి ఇరవై రోజులకు ఒకటి చొప్పున సెలవు వస్తుంది. మీ అమ్మాయి 240 దాటేసింది కాబట్టి ఈ గొడవ తనకు అక్కర్లేదు.

ఇప్పుడు లెక్క. వారానికి ఆరు రోజుల పని అనుకుంటే మూడు వారాలకు పద్దెనిమిది పనిదినాలు. పదిహేను ఈఎల్, మూడు క్యాజువల్. పన్నెండు క్యాజువల్‌లో నాలుగు అయిపోయాయి, ఈ మూడు పోతే ఇంకా ఐదుంటాయి. అవి ఆపరేషన్ తర్వాత చెన్నై చెకప్‌లకు పనికొస్తాయి. ఒకవేళ ఆదివారాలను కూడా సెలవులోనే కలిపి లెక్కేస్తామంటే ఇరవై ఒకటి అవుతుంది. అప్పుడు క్యాజువల్ ఆరు పోయి రెండు మిగులుతాయి. ఈఎల్‌నీ క్యాజువల్‌నీ ఒకేసారి కలిపి ఇవ్వం అనే కంపెనీలూ ఉన్నాయి. ఈ రెండు ప్రశ్నలూ లెటర్ ఇవ్వకముందే అడిగి, జవాబు మెసేజ్ రూపంలో తీసుకోమనండి. కలపం అంటే ఆఖరి మూడు రోజులు జీతం లేకుండా తీసుకున్నా పెద్ద నష్టం లేదు.

ఇక డాక్టర్ సర్టిఫికెట్ మాట. కొంచెం గట్టిగానే అంటాను, ఏమనుకోవద్దు. అమ్మాయి అకౌంట్స్‌లో పనిచేస్తోంది, చేతిలో షోరూం డబ్బుల లెక్కలున్నాయి. చెన్నై ఆసుపత్రి వరండాలో కూర్చున్న పిల్ల నెల్లూరులో జ్వరంతో పడుకుందని కాగితం ఇస్తే, తెలిసిన రోజున పోయేది పన్నెండు రోజుల సెలవు కాదు, ఆ పిల్ల మీది నమ్మకం. హక్కుగా వచ్చే సెలవు చేతిలో పెట్టుకుని కూతురికి దొంగ కాగితం నేర్పించడం ఏం పెంపకమమ్మా? మీరు ఇంతవరకు అడగలేదు కానీ అడగవలసిన ప్రశ్న ఒకటుంది: జీతం స్లిప్పులో ఈఎస్ఐ కట్ అవుతోందా? నెలకు 21,000 లోపు జీతమైతే అవుతుండాలి. అయితే ఆమెపై ఆధారపడ్డ తల్లిదండ్రులకూ ఈఎస్ఐ వైద్యం వర్తించే వీలుంది. ఆపరేషన్‌కి ముందే ఈఎస్ఐ కార్యాలయంలో కనుక్కోండి.

అమెరికా కంపెనీకి ఇంటి పని గురించి. ఈ మధ్య నెల్లూరు, ఒంగోలు, కావలి, ఎక్కడినుంచి ఫోన్ చేసినా తల్లిదండ్రుల నోట ఇదే మాట. నాకు దీనిమీద అనుమానాలే ఎక్కువ. వీటిలో చాలావాటికి అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు, కాంట్రాక్టర్ అగ్రిమెంటు ఉంటుంది. నెలాఖరున మీ అమ్మాయే ఇన్‌వాయిస్ పంపాలి. పీఎఫ్ ఉండదు, ఈఎస్ఐ ఉండదు. అగ్రిమెంటులో లేనిదే జీతంతో సెలవన్న మాట ఉండదు, పని చేయని రోజుకు డబ్బు రాదు. ఇంతకీ మీరు లెటర్‌లో రాసిన ఆ అమెరికా చట్టం కూడా అప్పుడు తనకు పనికిరాదు, అది అమెరికా గడ్డమీద పనిచేసే ఉద్యోగులది. మన సెక్షన్ 30 కూడా వదులుకున్నట్టే. రాత్రి పదింటికి మొదలయ్యే మీటింగుల సంగతి సరేసరి. ఇక్కడే రిజిస్టరైన కంపెనీ ద్వారా, అపాయింట్‌మెంట్ లెటర్‌తో, పీఎఫ్‌తో వస్తే అది వేరు, అప్పుడు మన చట్టమే వర్తిస్తుంది. ఆ కాగితం చూపించాక మాట్లాడుకుందాం. నాన్న ఆపరేషన్ బల్లమీద ఉండగా ఉద్యోగం మారే నిర్ణయం మాత్రం వద్దు.

లెటర్ ఇలా రాయమనండి:

"మా నాన్నగారికి ఫలానా తేదీన చెన్నైలో బైపాస్ ఆపరేషన్ నిర్ణయించారు. ఆసుపత్రి అడ్మిషన్ కాగితం జత చేశాను. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం సెక్షన్ 30 ప్రకారం నా ఖాతాలో ఉన్న పదిహేను రోజుల సంపాదిత సెలవును, మూడు రోజుల క్యాజువల్ లీవును ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మంజూరు చేయగలరు. ఈ నెల జీఎస్టీ రిటర్న్ పని సెలవుకు ముందే పూర్తి చేసి, మిగతా బిల్లింగ్ నా సహోద్యోగికి అప్పగిస్తాను."

చట్టం పేరు ఒక్కసారే, బెదిరింపు ఎక్కడా లేకుండా. యజమానికి ఆ ఆఖరి వాక్యమే ఎక్కువ పని చేస్తుంది, దాన్ని తీసేయకండి. లెటర్ రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదానిమీద తేదీతో సంతకం పెట్టించుకోవాలి, లేదా మెయిల్‌లో పంపాలి. తర్వాత కూడా కాదంటే సహాయ కార్మిక అధికారి ఆఫీసు ఉంది, కాకపోతే అక్కడికి వెళ్లే ముందు యజమానితో ఒకసారి నేరుగా మాట్లాడమనండి. ఆపరేషన్ తేదీ తెలిసింది కదా, లెటర్ ఈ వారమే ఇవ్వాలి.